7,380 రూపాయల తేడా ఎక్కడికి పోయింది?

“నేనూ మా మరిదీ కలిసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం నడుపుతున్నాం. కుట్టుపని, ఖాతాదారులు నా వంతు. బ్యాంకు పనులు, సరుకు తెప్పించడం అతని వంతు. మిషను విడిభాగాల కోసం చైనాలోని ఒక అమ్మకందారుకు ముందస్తుగా డబ్బు పంపించాం. ఇన్వాయిస్ మొత్తం 3,180 డాలర్లు. అందులో సరుకు 3,000, రవాణా 150, బ్యాంకు ఛార్జీలు 30. కింద డాలరుకు 85.60 చొప్పున 2,72,208 రూపాయలని కూడా వేశారు. మా కరెంటు ఖాతా నుంచి పోయింది మాత్రం 2,79,588. అంటే 7,380 రూపాయలు ఎక్కువ. ఆ మొత్తాన్ని 3,180తో భాగిస్తే డాలరు 87.92 పడింది. ఆ రోజు ఇంటర్నెట్‌లో చూస్తే 86.45 ఉంది. ఇది చాలదన్నట్టు అమ్మకందారు తనకు 3,155 డాలర్లే చేరాయని, ఇంకో 25 పంపమని అడుగుతున్నాడు. కస్టమ్స్ కాగితంలో చూస్తే 87.20 అని మరో రేటు! అన్నం తినేటప్పుడు ‘మిగతా డబ్బు ఏమైంది?’ అని మరిదిని అడిగాను. అతను కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. పది రోజులుగా దుకాణానికి రావడం లేదు. మావారు ఎవరి వైపూ మాట్లాడరు. కాగితాలన్నీ నకళ్లు పంపుతున్నాను. నేను తప్పుగా అనుమానించానా? లెక్కలు నా చేతిలోకి తీసుకోమంటారా?” (ఒక పాఠకురాలు)

అమ్మా,

మీరు పంపిన నకళ్లను రెండుసార్లు చూశాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు చాలా ఏళ్లు నేను బ్యాంకు విదేశీ మారకం డెస్కులో ఖాతా నుంచి ఎంత, ఎందుకు పోయిందో చెప్పే ఇలాంటి డెబిట్ అడ్వైసులే రాసి ఇచ్చేవాణ్ని. అందుకే ముందు మీ మనసులోని ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ఈ కాగితాల ప్రకారం ఆ 7,380లో ఒక్క రూపాయి కూడా మీ మరిది చేతికి పోలేదు. మీ ఖాతా నుంచి పోయిన మొత్తం, బ్యాంకు డెబిట్ అడ్వైస్‌లో ఉన్న మొత్తం పైసాతో సహా ఒకటే. విదేశీ బ్యాంకుకు మీ బ్యాంకు పంపిన సందేశం నకలైన స్విఫ్ట్ కాపీలో డబ్బు అందుకోవలసినవారి పేరూ ఖాతా నంబరూ ఇన్వాయిస్‌లో ఉన్నవాటితో సరిపోయాయి. పంపింది 3,180 డాలర్లే. మధ్యలో మనిషి చెయ్యి పెట్టడానికి చోటే లేదు.

అలాగని మీరు అడగకూడనిది అడిగారని కూడా నేను అనను. ఆ మొత్తంలో తగ్గించుకోగలిగిన డబ్బు కొంత ఉంది. అది ఎంతో, ఎవరి దగ్గర ఉందో చెప్పాలంటే ముందు లెక్క విప్పాలి.

మీ లెక్కలో మొదటి చిక్కు ఆ 87.92 దగ్గరే వచ్చింది. పోయిన డబ్బంతా కలిపి డాలర్లతో భాగించారు. అలా వచ్చేది మారకపు రేటు కాదు. రేటు, కమీషన్, పన్ను అన్నీ కలిసిన ముద్ద. ఇంటర్నెట్‌లో కనిపించిన 86.45 మాత్రం ఏ ఛార్జీలూ కలపని రేటు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఎవరైనా దొంగలాగే కనిపిస్తారు. రేటును రేటుతోనే పోల్చాలి, ఛార్జీని ఛార్జీతోనే పోల్చాలి.

డెబిట్ అడ్వైస్ నకలు తీసి పెట్టుకోండి. పైనుంచి మూడో వరుసలో చిన్న అక్షరాల్లో 87.35 అని ఉంది చూడండి. బ్యాంకు మీకు డాలర్లు అమ్మిన రేటు అదే. దాని కింద కమీషన్ 750, స్విఫ్ట్ ఛార్జీ 500, ఆ రెండింటిపై జీఎస్టీ 225. ఆ తర్వాత విడిగా 340 రూపాయల జీఎస్టీ ఇంకొకటి. వరుసగా వేసి చూస్తే ఇలా వస్తుంది:

```
3,180 × 87.35         = 2,77,773
కమీషన్ + స్విఫ్ట్        =    1,250
వాటిపై జీఎస్టీ 18%      =      225
మారకంపై జీఎస్టీ         =      340
మొత్తం                = 2,79,588
```

ఖాతాలో పోయిన అంకె సరిగ్గా ఇదే. కాబట్టి బ్యాంకు కూడికలో తప్పు లేదు. ఇప్పుడు ఒక్కో వరుస న్యాయమైనదా కాదా అని చూడాలి.

ముందు ఆ 340 సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామందిని తికమక పెట్టేది అదే. కమీషన్‌పై జీఎస్టీ వేశాక మళ్లీ ఇదేమిటి అని అడుగుతారు. రూపాయలను డాలర్లుగా మార్చడం కూడా ఒక సేవే. దానికి బ్యాంకు విడిగా రుసుము చూపించదు, లాభం రేటులోనే కలిసి ఉంటుంది. అందుకని ఆ సేవ విలువను ఎలా లెక్కకట్టాలో జీఎస్టీ నియమాలే చెబుతాయి. మార్చిన మొత్తం లక్ష రూపాయల లోపైతే అందులో ఒక శాతాన్ని విలువగా తీసుకోవచ్చు, అది 250కి తగ్గకూడదు. లక్ష నుంచి పది లక్షల వరకైతే వెయ్యి రూపాయలు, లక్ష దాటిన భాగంపై అర శాతం. ఆ విలువపై 18 శాతం పన్ను. మీ విషయంలో మార్చింది 2,77,773. లక్ష దాటింది 1,77,773, అందులో అర శాతం 888.87. వెయ్యి కలిపితే 1,888.87. దానిపై 18 శాతం అంటే 340. బ్యాంకు సరిగ్గానే వేసింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఈ పన్ను మొత్తం సొమ్ముపై 18 శాతం కాదు. ఎప్పుడైనా ఈ వరుసలో వేలల్లో అంకె కనిపిస్తే అప్పుడు ఆగి ప్రశ్నించండి.

ఈ 340, కమీషన్‌పై వేసిన 225, రెండూ కలిపి 565 రూపాయలు. మీ దుకాణానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మీ నంబరు బ్యాంకు దగ్గర నమోదై ఉంటే ఈ 565ను మీరు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. నమోదు కాకపోతే ఆ ఎంట్రీ మీ జీఎస్టీ పోర్టల్‌లోని GSTR-2Bలోకి రాదు, ఆ డబ్బు ఊరికే పోతుంది. మీ డెబిట్ అడ్వైస్‌లో జీఎస్టీ నంబరు గడి ఖాళీగా ఉంది. ఈ వారమే బ్రాంచికి వెళ్లి దాన్ని సరిచేయించండి.

ఇక అసలైన తేడా రేటుది. ఇన్వాయిస్‌లో 85.60, బ్యాంకు వేసింది 87.35. డాలరుకు 1.75 చొప్పున 3,180 డాలర్లకు 5,565 రూపాయలు. మీ 7,380లో నాలుగింట మూడు వంతులు ఇదే.

ఇన్వాయిస్‌లో రూపాయల అంకె వేశారు కదా, అదే కదా ధర అని మీరు అనుకున్నారు. కాదు. మీ బాకీ డాలర్లలో ఉంది. అమ్మకందారు వేసిన రూపాయల మొత్తం పక్కన `for reference only` అని ఉంది. అంటే మీకు అంచనా తెలియడం కోసం వేసిన అంకె, అంతే. ఆ రేటుకు డాలర్లు ఇస్తానని అతను హామీ ఇవ్వలేదు, ఇవ్వలేడు కూడా. మీకు డాలర్లు అమ్మేది అతను కాదు, మీ బ్యాంకు. (ఇన్వాయిస్ రూపాయల్లోనే చెల్లించాలని రాసి ఉంటే కథ వేరు. అప్పుడు రేటు మారితే వచ్చే నష్టం అమ్మకందారుది.)

అయినా ఆ 85.60 గాలిలోంచి ఊడిపడిన అంకె కాదు. ప్రతి పనిదినం మధ్యాహ్నం ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ డాలరు రిఫరెన్స్ రేటు ప్రకటిస్తుంది. 2018 జులై వరకు రిజర్వు బ్యాంకే ఈ పని చేసేది. మీ ఇన్వాయిస్ తేదీకి, డబ్బు పంపిన తేదీకి ఆ రేట్లు చూశాను. మొదటిది 85.60, రెండోది 86.45. మధ్యలో పదహారు రోజులు గడిచాయి, రూపాయి 85 పైసలు బలహీనపడింది. 3,180 డాలర్లపై ఇది 2,703 రూపాయలు. ఈ డబ్బు మీ మరిదీ తినలేదు, బ్యాంకూ తినలేదు. బజారు కదిలింది. ఆ పదహారు రోజులు ఆలస్యం ఎందుకైందని అడగవచ్చు. కానీ మీ బ్యాంకు పుస్తకంలో దానికీ జవాబు ఉంది. ఆ రెండు వారాల్లో చాలా రోజులు ఖాతాలో లక్షన్నరకు మించి లేదు. పెళ్లిళ్ల ఆర్డర్ల డబ్బు జమ అయిన మర్నాడే అతను పంపాడు.

మిగిలింది 86.45కు, 87.35కు మధ్య 90 పైసలు. మొత్తం 2,862 రూపాయలు. ఇది బ్యాంకు మార్జిన్. మీరు నిజంగా ప్రశ్నించాల్సిన చోటు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రిఫరెన్స్ రేటుకు మీకూ నాకూ ఎవరూ డాలర్లు అమ్మరు. ప్రతి బ్యాంకూ రోజూ ఉదయం ఒక రేట్ల పట్టిక విడుదల చేస్తుంది. దాన్ని కార్డు రేటు అంటారు. అందులో ఒకే డాలరుకు నాలుగైదు గళ్లు ఉంటాయి. మన ఖాతా నుంచి నేరుగా విదేశానికి డబ్బు పంపితే టీటీ సెల్లింగ్ గడి వర్తిస్తుంది. దిగుమతి పత్రాలు బ్యాంకు ద్వారా వచ్చి, బ్యాంకు వాటిని చూసి చెల్లించే పద్ధతిలో బిల్ సెల్లింగ్ గడి. అది టీటీ కంటే ఎక్కువ ఉంటుంది. చేతికి నోట్లు తీసుకుంటే ఇంకా ఎక్కువ. మీరు పంపింది ముందస్తు చెల్లింపు, పత్రాలేవీ బ్యాంకు ద్వారా రాలేదు. కాబట్టి టీటీ సెల్లింగ్ రేటే పడాలి. పొరపాటున పక్క గడిలోని రేటు వేయడం నేను ఉద్యోగంలో కళ్లారా చూశాను. ఎవరూ అడగకపోతే అది అలాగే ఉండిపోతుంది.

మీ డెబిట్ అడ్వైస్‌లో రేటు ఉంది కానీ అది ఏ గడి రేటో రాయలేదు. అందుకే బ్రాంచికి రెండు వాక్యాల ఉత్తరం ఇవ్వండి. ‘ఫలానా తేదీన మా లావాదేవీకి వేసిన 87.35 ఏ రేటు? ఆ రోజు మీ టీటీ సెల్లింగ్ కార్డు రేటు ఎంత?’ అని. నోటిమాటగా అడిగితే ‘సిస్టమ్ వేసిందమ్మా’ అంటారు. రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. జవాబులో రెండు అంకెలూ ఒకటే అని వస్తే బ్యాంకు తప్పు చేయలేదు, మీరు ఖరీదైన రేటు కొన్నారంతే. టీటీ సెల్లింగ్ అంతకంటే తక్కువ ఉందని తేలితే ఆ తేడా, దానిపై పడిన పన్నుతో సహా తిరిగి ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కానీ ‘90 పైసల మార్జిన్ చాలా ఎక్కువ’ అని మాత్రం అక్కడికి వెళ్లకండి. ఏ రేటుకు అమ్మాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అందులో అంబుడ్స్‌మన్ కలగజేసుకోరు.

ఇక ఆ 25 డాలర్లు. ఇక్కడ మాత్రం నేను మీ పక్షాన గట్టిగా మాట్లాడతాను.

డబ్బు విదేశానికి పంపేటప్పుడు దరఖాస్తు ఫారంలో ఛార్జీలు ఎవరివి అన్న గడి ఒకటి ఉంటుంది. OUR అని టిక్కు పెడితే దారిలో ఉన్న బ్యాంకుల ఛార్జీలు కూడా పంపేవారే భరిస్తారు. BEN అంటే అన్నీ అందుకునేవారివి. SHA అంటే మన బ్యాంకు ఛార్జీ మనది, ఆ తర్వాతివన్నీ అవతలివారివి. మీ ఫారంలో SHA ఉంది. మీ బ్యాంకుకూ అమ్మకందారు బ్యాంకుకూ నేరుగా సంబంధం లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు వస్తుంది. అది తన ఖర్చు కోసం కొంత కోసుకుని మిగిలింది ముందుకు పంపుతుంది. 3,180 బయలుదేరి 3,155 చేరడానికి ఎక్కువ అవకాశం ఇదే. ఇది రూపాయల లెక్కలో ఎక్కడా కనిపించదు. మీ బ్యాంకు కాగితాల్లో మొత్తం 3,180 పోయినట్టే ఉంటుంది, అందులో అబద్ధమూ లేదు.

అయితే ఇన్వాయిస్‌ను మళ్లీ చూడండి. మూడో వరుసలో బ్యాంకు ఛార్జీలు 30 డాలర్లు అని అతనే వేశాడు, మీరు కట్టారు. దారిలో కోతపడుతుందని తెలిసే కదా ఆ వరుస పెట్టింది? కోత 25, మీరు ముందే ఇచ్చింది 30. సరుకుకూ రవాణాకూ కలిపి అతనికి రావలసింది 3,150. వచ్చింది 3,155. నా దృష్టిలో మీరు అతనికి బాకీ లేరు.

ఇప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి. ‘ఇరవై అయిదు డాలర్లే కదా, పంపేసి గొడవ వదిలించుకుందాం’ అన్నది మొదటిది. దాని లెక్క కూడా చూడండి. అదే రేటుకు 25 డాలర్లంటే 2,184 రూపాయలు. కమీషన్, స్విఫ్ట్, వాటిపై పన్ను మళ్లీ 1,475. మారకంపై కనీస జీఎస్టీ 45. మొత్తం 3,704. ఇంత పెట్టి మళ్లీ SHA మీదే పంపితే దారిలో మళ్లీ 25 కోతపడి అతనికి చివరికి ఏమీ చేరకపోవచ్చు. ఇది మాత్రం వద్దు.

రెండో దారి, ఆ 30 డాలర్ల వరుస చూపించి ఇక ఇవ్వనని చెప్పడం. న్యాయం మీ వైపే ఉంది. కానీ ఆ 30 తన బ్యాంకు తీసుకునే ఛార్జీ కోసం అని అతను అనవచ్చు. అతని దగ్గరే మళ్లీ విడిభాగాలు కొనాల్సి ఉంటే, ఇంకా వారంటీ ఉంటే ఆ సంబంధం కూడా చూసుకోవాలి. మూడోది, అతని బ్యాంకు ఇచ్చిన జమ కాగితం పంపమనడం. అందులో ఎంత అందింది, ఎవరు ఎంత కోశారు అనేది ఉంటుంది. కోత అతని సొంత బ్యాంకుదే అయితే SHA ప్రకారం అది అతని ఖర్చు, మాట అక్కడితో అయిపోతుంది. మధ్య బ్యాంకుదైతే ఆ 30తో చెల్లు వేయమని అడగండి. అప్పటికీ ఒప్పుకోకపోతే తర్వాతి ఆర్డరులో సగం సగం సర్దుకుందామనండి. అలా చేస్తే మళ్లీ బ్యాంకు ఛార్జీ పడదు. నేనైతే మూడో దారిలో మొదలుపెట్టి, అవసరమైతే సర్దుబాటుకు వస్తాను. మీకు అతనితో ఎంత పని ఉందో మీకే తెలుసు కాబట్టి ఎంత గట్టిగా నిలబడాలో మీరే తేల్చుకోండి.

కస్టమ్స్ కాగితంలోని 87.20ను ఈ గొడవలోంచి పూర్తిగా తీసేయండి. అది సుంకం లెక్కించడానికి ప్రభుత్వం ప్రకటించే రేటు. నెలకు రెండుసార్లు, మొదటి, మూడో గురువారాల్లో కొత్తది ప్రకటిస్తారు. దిగుమతి సరుకు కోసం కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైన రోజున అమల్లో ఉన్న రేటునే వాడతారు. మీరు బ్యాంకుకు ఎంత కట్టారన్నదానితో దానికి సంబంధం లేదు. అక్కడ చూడాల్సింది ఒక్కటే. దాఖలు తేదీకి కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్‌సైటులో దిగుమతి గడిలో అదే అంకె ఉందా అని. ఎగుమతికి వేరే గడి ఉంటుంది, పొరపడకండి.

రేటు చదవడం గురించి ఒక చిన్న మాట. మీరు రేపు జపాన్ నుంచి మిషను తెప్పించుకుంటే ఇన్వాయిస్ యెన్‌లలో వస్తుంది. మన దగ్గర యెన్ రేటు ఒక యెన్‌కు కాక వంద యెన్‌లకు చెబుతారు. ఒకసారి ఒక వ్యాపారి డెస్కు ముందుకొచ్చి, మేము తన డబ్బులో వందో వంతే పంపామని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర అతను యెన్‌లను ఆ రేటుతో గుణించి, వందతో భాగించడం మరచిపోయాడు. పక్కన కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించేదాకా అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. లెక్కలు మీ చేతిలోకి తీసుకోమంటారా అని అడిగారు. తీసుకోవచ్చు. కానీ ఈ పది రోజుల తర్వాత, ఈ కారణంతో తీసుకుంటే అతను దాన్ని శిక్షగానే చూస్తాడు. నిజానికి అతను చేసిన తప్పు ఇందులో లేదు, చేయని జాగ్రత్త మాత్రం ఉంది. రేటు అడగకుండా సంతకం పెట్టాడు, ఛార్జీల గడిలో ఆలోచించకుండా టిక్కు పెట్టాడు. ఊళ్లో నూటికి తొంభై మంది చేసేది అదే. అసలు డబ్బు పంపే ముందు ‘ఇంత అవుతుంది వదినా, ఇందులో ఇది బ్యాంకుది, ఇది పన్ను’ అని ఒక చీటీ మీ ముందు పెట్టి ఉంటే మీకు అనుమానమే వచ్చేది కాదు. ఆ చీటీ అలవాటు ఇద్దరి మధ్యా లేకపోవడమే అసలు లోటు.

అందుకని మొదటి పనిగా, పైన నేను వేసిన లెక్కను మీ చేతిరాతతో ఒక కాగితం మీద రాయండి. 7,380 అని పైన వేసి కింద ఇలా విడగొట్టండి. బజారు కదలిక 2,703, బ్యాంకు మార్జిన్ 2,862, కమీషనూ స్విఫ్టూ పన్నుతో 1,475, మారకంపై పన్ను 340. కూడితే సరిగ్గా సరిపోతుంది. దాన్ని తీసుకుని మీరే అతని దగ్గరికి వెళ్లండి. మీవారిని మధ్యవర్తిగా పంపకండి. అన్నం ముందు అడిగిన మాటకు జవాబు దొరికిందని చెప్పండి. అందరి ముందు అడిగినందుకు నొచ్చుకున్నానని కూడా చెబితే బాగుంటుంది. అడిగిన ప్రశ్న తప్పు కాదు, అడిగిన చోటు తప్పు.

ఆ తర్వాత పని ఎలా పంచుకోవాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. చెల్లింపులు అతనే చూస్తూ, పంపే ముందు చీటీ మీ సంతకానికి రావడం ఒక పద్ధతి. దీనివల్ల ఒక పూట ఆలస్యమవుతుంది, రేటు ఆ పూటలో కొంచెం అటూ ఇటూ కావచ్చు. పూర్తిగా మీరే చూసుకోవడం ఇంకో పద్ధతి. అప్పుడు బ్యాంకుకు తిరిగే పని, సరుకు చేరాక బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు బ్యాంకుకు ఇచ్చి దిగుమతి ఎంట్రీ మూయించే పని కూడా మీ మీదే పడతాయి. అది మరచిపోతే తర్వాతి చెల్లింపులకు బ్యాంకు అడ్డుచెబుతుంది. సీజనులో మిషను దగ్గర నుంచి లేవగలరా అన్నది ఆలోచించుకోండి.

ఎవరు చూసినా, తర్వాతి చెల్లింపుకు ముందు మూడు ప్రశ్నలు బ్యాంకును అడగాలి. ఈ రోజు టీటీ సెల్లింగ్ ఎంత? అందులో నాకు ఎన్ని పైసలు తగ్గిస్తారు? OUR పెడితే మొత్తం ఖర్చు ఎంత? రెండున్నర లక్షల చెల్లింపుకు బ్రాంచి మేనేజరు ట్రెజరీకి ఫోను చేసి రేటు తగ్గించి తేవడం కొత్త విషయమేమీ కాదు. అడిగినవారికే అది దొరుకుతుంది. 90 పైసల మార్జిన్ 25 పైసలకు దిగితే ఇదే చెల్లింపుపై మీకు 2,067 రూపాయలు మిగిలేవి. తరచుగా పంపేవారైతే 2019లో మొదలైన FX-Retail వేదికలో నమోదు కావడం ఇంకో దారి. అక్కడ డాలర్లు బజారు రేటుకు దొరుకుతాయి, బ్యాంకు తీసుకునే రుసుము ఎంతో ముందే విడిగా తెలుస్తుంది. కానీ నమోదుకు మీ బ్యాంకు సహకరించాలి, మొదటిసారి కాగితాల పని ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు కొనేవారికి ఆ తిప్పలు అక్కర్లేదు, బేరమాడితే చాలు.

OUR విషయంలో అమ్మకందారుతో ముందే మాట్లాడుకోండి. మీరు OUR పెట్టి పంపేటట్టయితే ఇన్వాయిస్‌లో ఆ 30 డాలర్ల వరుస తీసేయమనండి. ఆ వరుస ఉంచితే SHA పెట్టండి. రెండూ ఉంటే ఒకే ఖర్చుకు మీరు రెండుసార్లు కట్టినట్టు.

బ్రాంచి నుంచి రాతపూర్వక జవాబు వచ్చాక ఆ రోజు కార్డు రేటు 87.35 కాక వేరే అంకె అని తేలితే, తేడాను పైసల్లో చూసుకోండి. మీ చెల్లింపులో ఒక్కో పైసా విలువ 31 రూపాయల 80 పైసలు. దాన్ని బట్టి ఎంత అడగాలో మీరూ మీ మరిదీ కలిసే లెక్క వేసుకోవచ్చు.